యజమాని గంట ఖరీదెంత?

వరికి మద్దతు ధర ప్రకటించిన ప్రతిసారీ ఒక పాత వాదన మళ్లీ లేస్తుంది. సాగు ఖర్చును ఏ లెక్కన కట్టారని రైతు సంఘాలు అడుగుతాయి. వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ దగ్గర మూడు రకాల లెక్కలున్నాయి. విత్తనం, ఎరువు, మందు, కూలి, డీజిల్ లాంటి చేతి ఖర్చుల లెక్క ఏ2. రైతూ అతని ఇంటివాళ్లూ పొలంలో చేసిన పనికి కూలి కట్టి కలిపితే ఏ2+ఎఫ్ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2. 2018 నుంచి ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని ప్రభుత్వం అంటోంది. అది ఏ2+ఎఫ్ఎల్ మీద కట్టిన ఒకటిన్నర, సీ2 మీద కట్టాలన్నది రైతుల పట్టు. ఎవరిది న్యాయమన్నది ఇక్కడి విషయం కాదు. ఇంటివాళ్ల చాకిరీకీ ఖరీదుందని, దాన్ని లెక్కలో రాయాలని రైతు విషయంలో దేశమంతా ఒప్పుకుంది.

అదే ఊళ్లో షాపు పెట్టుకున్న మనిషి తన విషయంలో ఈ లెక్క వేసుకోడు. గల్లాపెట్టెలో మిగిలిందంతా లాభమేనంటాడు. లెక్కల పుస్తకాలు కూడా అతన్ని తప్పుదారి పట్టిస్తాయి. సొంత పేరు మీద నడిపే షాపులో యజమాని తనకు తాను జీతం రాసుకుంటే ఆదాయపు పన్ను చట్టం దాన్ని ఖర్చుగా ఒప్పుకోదు. పన్ను దృష్టిలో షాపూ అతనూ ఒకటే. భాగస్వామ్య సంస్థలో పనిచేసే భాగస్వామికి ఒక పరిమితి వరకు ఇచ్చే జీతాన్ని ఖర్చుగా చూపొచ్చు గానీ ఒంటరి యజమానికి ఆ వీలు లేదు. కాబట్టి ఆడిటరు ఇచ్చే కాగితంలో యజమాని గంటకు ఎంత వచ్చిందో కనిపించదు. దాన్ని విడిగా, ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిందే.

లెక్క ఎలా నడుస్తుందో చూడ్డానికి ఒక లేడీస్ టైలరింగ్ షాపును తీసుకుందాం. జిల్లా కేంద్రంలో ఓ వీధిలో షాపు. కొలతలు తీసుకునేది, కటింగ్ చేసేది యజమానురాలే. పీస్ రేటు మీద కుట్టేవాళ్లు ఇద్దరు. రేట్లు ఊరిని బట్టి, పేటను బట్టి మారతాయి. ఇక్కడి అంకెలు లెక్క కోసం కల్పించుకున్నవి. మీ అంకెలు పెట్టుకుంటే జవాబు మారుతుంది, లెక్కించే తీరు మారదు.

నెలకు 150 లైనింగ్ జాకెట్లు, ఒక్కొక్కటి 600. డ్రెస్సులు 30, ఒక్కొక్కటి 700. చీరలకు ఫాల్, పీకో 60, వందేసి రూపాయలు. ఆల్టరేషన్లు వంద, యాభై చొప్పున. మొత్తం 1,22,000 రూపాయలు వచ్చింది. కుట్టుకూలి జాకెట్టుకు 200, డ్రెస్సుకు 250. లైనింగ్, దారాలు, హుక్కులు, ఫాల్‌గుడ్డ, అద్దె, కరెంటు, మిషన్ రిపేర్లు, పెట్రోలు అన్నీ పోగా చేతిలో 52,000 మిగులుతుంది. షాపు ఉదయం పది నుంచి రాత్రి దాకా. మధ్యాహ్నం భోజనం తీసేస్తే రోజుకు తొమ్మిది గంటలు, నెలకు 26 రోజులు, 234 గంటలు. గంటకు 222 రూపాయలు పడుతోందని ఆవిడ సంతోషపడొచ్చు.

ఇందులో పైనున్న అంకె తప్పు, కిందున్న అంకె కూడా తప్పు.

ముందు పై అంకె చూద్దాం. ఆ 52,000లో ఆవిడ శ్రమకు చెందని డబ్బు కొంత కలిసిపోయి ఉంది. మిషన్లు, ఓవర్‌లాక్, లైనింగ్ స్టాకు, షాపు అడ్వాన్సు కలిపి నాలుగు లక్షలు పెట్టిందనుకుంటే, ఆ సొమ్ము బ్యాంకులో ఏడు శాతానికి వేసినా నెలకు 2,300 వచ్చేది. అది డబ్బు సంపాదించింది, ఆవిడ కాదు. మిషన్లు అరిగిపోతున్నాయి, పదేళ్లకు మార్చాలి. అందుకు నెలకు 2,000 పక్కన పెట్టాలి. సాయంత్రాలు కూతురో తోడికోడలో వచ్చి రెండేసి గంటలు కూర్చుంటారు. ఆ యాభై గంటలకు వేరే మనిషిని పెడితే మూడు వేలన్నా ఇవ్వాలి. ‘రేపిస్తాలే వదినా’ అని జాకెట్టు పట్టుకుపోయి మళ్లీ అటు రానివాళ్ల బాకీ నెలకు ఏడొందలు వేసుకుందాం. అంతా కలిపి 8,000. ఆవిడ శ్రమకు మిగిలింది 44,000.

ఇప్పుడు కింది అంకె. షాపు తీసి ఉన్న గంటలే పని గంటలనుకోవడం అందరూ చేసే పొరపాటే. రాత్రి టీవీ ముందు కూర్చుని కుట్టిన హుక్కులు, ఆదివారం లైనింగ్ కోసం హోల్‌సేల్ మార్కెట్‌కు వెళ్లిన పూట, వంట చేస్తూ చెవికి ఫోను ఆనించి ‘శుక్రవారం ఇస్తానమ్మా’ అని చెప్పిన సమయం, ఇవేవీ అందులో లేవు. ఇవి జ్ఞాపకం మీద తేలవు. రెండు వారాలు కత్తెర పక్కనే ఒక చిన్న నోట్‌బుక్ ఉంచుకుని, అరగంటకోసారి ఏం చేస్తున్నామో ఒక్క మాటలో రాయాలి: కటింగ్, హుక్కు, ఫోను, ఫాల్. రాత్రి ఒక్కసారిగా రాద్దామనుకుంటే చిన్న పనులన్నీ మాయమై పెద్ద పనులే గుర్తొస్తాయి. అసలు మనం వెతుకుతున్నది ఆ చిన్నవాటినే.

మన షాపులో ఆ నోట్‌బుక్ చెప్పిన లెక్క నెలకు 320 గంటలు. కొలతలు, కటింగ్, చివర ఫిట్టింగ్ చూసుకోవడం 125 గంటలు. హుక్కులు, చేతికుట్టు 50. ఆల్టరేషన్లు 42. ఫాల్, పీకో 40. ఫోన్లు, ‘అయిందా?’ అని వచ్చేవాళ్లకు సమాధానాలు 35. సరుకు కోసం తిరగడం 16. చిల్లర లెక్కలు, ఊడ్చుకోవడం, సర్దుకోవడం 12.

44,000ను 320తో భాగిస్తే గంటకు 137 రూపాయలు. 222 కాదు.

ఈ 137 దేనికి పనికొస్తుంది? ఒక ప్రశ్నకు మాత్రం బాగా పనికొస్తుంది. ఇదే మనిషి పెద్ద షాపులో కటింగ్ మాస్టరుగా చేరి, నెలకు 260 గంటలు పనిచేసి 28,000 తెచ్చుకోగలిగితే గంటకు 107 అవుతుంది. సొంత షాపు పెట్టుకున్నందుకు ముప్పై రూపాయలు ఎక్కువే వస్తోంది, సీజన్ దెబ్బతింటే ఆ నష్టమూ ఆవిడదే. ఈ తేడా సున్నాకు దిగితే, షాపు ఆవిడను పోషించడం లేదు, ఆవిడే షాపును పోషిస్తోంది.

ఏ పని ఇతరులకు అప్పగించాలి, ఏది మానేయాలి అన్న ప్రశ్నకు మాత్రం 137 పనికిరాదు. చాలామంది సలహాదారులు ఇక్కడే ఆగిపోయి, ‘మీ గంట ధర కంటే తక్కువకు దొరికే పనులన్నీ బయటికి ఇచ్చేయండి’ అంటారు. వినడానికి బాగుంటుంది. అదే పాటిస్తే చేతి డబ్బు పోయి, వచ్చేది రాకుండా మిగిలే ప్రమాదముంది. ఎందుకంటే 137 సగటు. కటింగ్ గంట, హుక్కు గంట, ఫోను గంట అన్నీ ఒక కుండలో పోసి తీసిన అంకె అది. పని అప్పగించేటప్పుడు మనకు కావలసింది ఒక్కో పని గంటకు ఎంత తెస్తోంది, ఖాళీ అయిన గంట ఎక్కడికి వెళుతుంది అన్నవి.

ఒక్కో పని ధర తేల్చుకుందాం. జాకెట్టు మీద 600 వస్తే కుట్టుకూలి 200, లైనింగూ దారమూ 70 పోగా 330 మిగులుతుంది. హుక్కుల పని బయటి మనిషికి 30 రూపాయలకు ఇచ్చామనుకుంటే 300. ఈ జాకెట్టుకు ఆవిడ మాత్రమే చేయగల పని, అంటే కొలత, కటింగ్, చివరి చూపు, నలభై నిమిషాలు. గంటకు ఒకటిన్నర జాకెట్టు, 450 రూపాయలు. షాపు అద్దె, కరెంటు ఎటూ కట్టేవే కాబట్టి ఇందులో అవి తీయక్కర్లేదు.

హుక్కుల గంట? ఇరవై నిమిషాలకో జాకెట్టు, గంటకు మూడు. మూడు ముప్పైలు తొంభై. ఆ పనిని ఇంటి దగ్గర కూర్చుని చేసే అమ్మాయికి అంత ఇస్తే చాలు కాబట్టి ఆవిడ చేసినా దాని ఖరీదు అంతే. ఫాల్ కుట్టడంలో చీరకు 65 మిగులుతుంది, నలభై నిమిషాలు పడుతుంది, గంటకు 97. ఆల్టరేషన్ గంటకు 120. హోల్‌సేల్ మార్కెట్‌కు వెళ్లి మీటరుకు ఐదు రూపాయలు తక్కువకు లైనింగ్ తెస్తే నెలకు 180 మీటర్లకు 900 ఆదా, 16 గంటలకు పంచితే గంటకు 56. పెట్రోలు తీస్తే అంతకంటే తక్కువ. బేరమాడి తెచ్చానన్న తృప్తి వేరే సంగతి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ‘హుక్కులు నేను కుట్టినంత నీటుగా ఆ పిల్ల కుట్టదండీ’ అని. నిజమే కావచ్చు. రెండు పనులూ మనమే బాగా చేయగలిగినా ఒకదాన్ని వదిలేయడం లాభమేనని 1817లో డేవిడ్ రికార్డో అనే ఆర్థికవేత్త చూపించాడు. ఆయన ఉదాహరణలో పోర్చుగల్లో ఏడాదికి సరిపడా ద్రాక్షసారా చేయడానికి 80 మంది, బట్ట నేయడానికి 90 మంది కావాలి. ఇంగ్లండుకు సారాకు 120, బట్టకు 100. రెండింట్లోనూ పోర్చుగల్దే పైచేయి. అయినా పోర్చుగల్ సారా మీద కూర్చుని, బట్ట ఇంగ్లండు నుంచి తెప్పించుకుంటే ఇద్దరికీ మేలని ఆయన తేల్చాడు. దేశాలకు చెప్పిన ఆ లెక్క కత్తెరకూ సూదికీ అలాగే వర్తిస్తుంది. హుక్కులో ఆవిడ ఆ అమ్మాయి కంటే కాస్త మెరుగు. కటింగ్‌లో ఆ అమ్మాయికి అసలు ప్రవేశమే లేదు.

సరే, హుక్కులన్నీ ఇచ్చేశారనుకుందాం. 150 జాకెట్లకు ముప్పై చొప్పున 4,500 చేతి నుంచి పోయింది. యాభై గంటలు మిగిలాయి. గంట 450 అనుకున్నాం కదా, యాభై గంటలకు 22,500 వస్తుందా?

రాదు. ఆ యాభై గంటలూ కటింగ్‌కే పెడితే 75 జాకెట్లు అదనంగా కట్ అవుతాయి. వాటిని కుట్టేదెవరు? ఇద్దరూ రోజుకు నాలుగేసి జాకెట్లు కుడతారు. నెలకు 208 దాకా వాళ్ల శక్తి. ఇప్పటికే 150 జాకెట్లు, జాకెట్లలోకి మార్చి చూస్తే 40కి సమానమైన డ్రెస్సులు కుడుతున్నారు. మిగిలింది 18 జాకెట్ల చోటు. 18 జాకెట్ల మీద 5,400 వస్తుంది, హుక్కులకు పోయిన 4,500 తీస్తే నెలకు 900 రూపాయలు లాభం. కట్ చేసిన మిగతా గుడ్డలు బల్ల మీద గుట్టగా పడుంటాయి, షాపు నిండా పని ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇజ్రాయెల్‌కు చెందిన ఎలియాహు గోల్డ్‌రాట్ భౌతికశాస్త్రం చదివిన మనిషి. ఫ్యాక్టరీల్లో ఇలాంటి చిక్కుల మీద 1984లో ‘ద గోల్’ అని ఏకంగా ఒక నవలే రాశాడు. ఆయన వాదన సారాంశం ఇది: పని ఎక్కడ ఇరుకుగా ఉందో అక్కడ పోయిన గంట మొత్తం కర్మాగారానికి పోయిన గంట, ఇరుకు లేని చోట మిగిల్చిన గంటతో పైసా రాదు. మన షాపులో మొదట ఇరుకు ఆవిడ బల్ల దగ్గర ఉంది. హుక్కులు వదిలేయగానే అది మిషన్ దగ్గరికి జరిగింది. ఏ పని అప్పగించినా వెంటనే అడగవలసింది ఇదే: ఇప్పుడు పని ఎక్కడ పేరుకుంటోంది? చూసి చెప్పేయొచ్చు. కట్ చేసిన మూటలు పెరుగుతుంటే ఇరుకు కుట్టేవాళ్ల దగ్గర. కుట్టేవాళ్లు ‘అక్కా, తర్వాతది ఇవ్వు’ అని చేతులు కట్టుక్కూర్చుంటే ఇరుకు మీ దగ్గర. ఇద్దరూ ఖాళీగా ఉంటే వీధిలో, అంటే గిరాకీలో.

ఈ చివరిదాన్ని టైలరింగ్ వాళ్లు ఏటా చూస్తారు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కానీ డిస్కౌంటులో కొన్న చీరలు వచ్చి పడతాయి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందు వారం, పెళ్లి ముహూర్తాలు కుప్పగా పడ్డ నెలల్లో షాపులో నిలబడే చోటుండదు. మూఢం వచ్చిందంటే ఈగలు తోలుకోవాలి. కాబట్టి ఆవిడ గంటకు ఏడాది పొడవునా ఒకే ధర లేదు. ఆర్డర్లు వెనక్కి పంపే నెలలో ఆ గంట 450. మూఢంలో అదే గంట ఖాళీ చేసినా తెచ్చేది సున్నా, హుక్కులకిచ్చే తొంభై మాత్రం జేబులోంచి పోతుంది. ఆ రోజుల్లో హుక్కులు తానే కుట్టుకోవడం పిసినారితనం కాదు, సరైన లెక్కే.

అయితే అవసరమైనప్పుడు పిలిచి, లేనప్పుడు వదిలేస్తే హుక్కుల అమ్మాయి వేరే షాపు చూసుకుంటుంది. శ్రావణంలో మళ్లీ పిలిస్తే రాదు. అందుకని ఖాళీ నెలల్లోనూ కొంత పని ఆమెకు పంపాలి. ఆ నెలల్లో పోయే వెయ్యో రెండు వేలో సీజన్‌లో మనిషి దొరకడానికి కట్టే ప్రీమియం లాంటిది. దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

సీజన్ నెలకు వెళదాం. ఆవిడ రోజుకు ఒకరిద్దర్ని ‘ఇప్పుడు కుదరదమ్మా’ అని పంపేస్తోంది, నెలకు 40 జాకెట్లు. ఈ అంకె కూడా ఊహించుకోకూడదు, పంపేసిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో ఒక గీత గీయాలి. హుక్కులు బయటికిచ్చి, పీస్ రేటు మీద మూడో మనిషిని మిషన్ ఎక్కిస్తే ఆ 40 జాకెట్లూ చేయొచ్చు. 12,000 వస్తుంది, హుక్కులకు 4,500 పోతే 7,500 మిగులు. మూడో మిషన్ అరుగుదల నెలకు రెండు మూడు వందలకు మించదు. గంటల్లో హుక్కులవి 50 పోయాయి, కొత్త కటింగ్ 27 చేరింది. బయట కుట్టించిన హుక్కుల్ని సరిచూడ్డానికి జాకెట్టుకు రెండు నిమిషాలన్నా పడుతుంది, అదో ఆరు గంటలు. 320 కాస్తా 303 అయింది, 44,000 కాస్తా 51,500 అయింది. గంటకు 170.

మొదటి నెలలో ఇంత రాదు. నేర్పడానికి పట్టే సమయం, పాడైనవి విప్పి మళ్లీ కుట్టే సమయం అప్పుడే ఎక్కువ. హుక్కు పక్కకు పోతే, జాకెట్టు వేసుకున్నాక గుడ్డ లాగినట్టు కనిపిస్తే తిట్టేది ఆవిడనే, ఆ అమ్మాయిని కాదు. నూటికి ఐదారు తిరిగొస్తున్నంత వరకు పర్వాలేదు. నూటికి ఇరవై వస్తుంటే విప్పి కుట్టే సమయం, గిరాకీ నమ్మకం కలిపి ఆ పని మీరే చేసుకోవడం చవక. రెండు నెలలు తిరుగు జాకెట్లను లెక్కపెట్టి ఆ తర్వాత తేల్చుకోవాలి, మొదటి వారం కోపంలో కాదు.

ఇక మిగతా పనులు. ఫాల్, పీకోను మానేయకూడదు. ఫాల్‌కు వచ్చిన చీర వెంటే జాకెట్టు వస్తుంది. పీకో మిషన్ ఉన్న ఇంటికి యాభైకి పంపితే చీరకు 15 మిగులుతుంది, చాలు, నలభై గంటలు తిరిగొస్తాయి. సరుకు కోసం తిరగడం మాత్రం మానేయాల్సిన పని. ఎక్కువగా పోయే నలభై షేడ్లు నెలకోసారి తెప్పించుకుని ఉంచుకుంటే, పట్టుచీర రంగుకు కచ్చితంగా సరిపోవాల్సిన లైనింగ్ కోసమే బయటికి వెళ్లాలి.

ఆల్టరేషన్ దగ్గర నేను ఖండితంగా చెప్పలేను. గంటకు 120 మాత్రమే, అదీ వేరేచోట కుట్టించిన జాకెట్టు విప్పి, ఆ కుట్టును తిట్టుకుంటూ చేసేది. మానేయమని అంకె చెబుతుంది. కానీ చాలామంది కొత్త గిరాకీ ముందు ఆల్టరేషన్ ఇచ్చి చెయ్యి చూసి, ఆ తర్వాతే కొత్త గుడ్డ తెస్తారు. ఆల్టరేషన్‌కు వచ్చిన వందమందిలో ఎందరు తర్వాత జాకెట్టు ఇచ్చారో మూడు నెలలు రాసుకుంటే తేలుతుంది. నలుగురైదుగురు ఏడాదికి ఆరేసి జాకెట్లు ఇచ్చే గిరాకీగా మారితే ఉంచాలి. ఒక్కరూ మారకపోతే, మన దగ్గర కుట్టించుకున్నవాళ్లకు మాత్రమే, వారంలో ఒక రోజు అని బోర్డు పెట్టాలి.

ఫోన్లకు పోయే 35 గంటలకు మాత్రం మనిషిని పెట్టకూడదు. మనిషిని పెడితే ‘అక్క లేరండీ’ అని చెప్పడానికి జీతమిచ్చినట్టు అవుతుంది. ఆ ఫోన్లు చెప్పిన రోజుకు ఇవ్వకపోవడం వల్ల పుడుతున్నాయి. కుట్టేవాళ్ల శక్తి రోజుకు ఎనిమిదైతే, ఒక తేదీ కింద ఎనిమిది పేర్లు రాశాక తర్వాతి పేరు మర్నాటికి రాయాలి. అడిగినవాళ్లందరికీ శుక్రవారం చెప్పే అలవాటు పోతే సగం ఫోన్లు వాటంతటవే ఆగుతాయి. అప్పగించేటప్పుడు ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. పుట్టకుండా ఆపగలిగిన పనిని డబ్బిచ్చి ఇంకొకరితో చేయిస్తారు.

కొలతలు ఎవరికీ ఇవ్వకూడదు. ఆది జాకెట్టు తెచ్చి ‘దీనిలాగే కుట్టండి’ అన్న మనిషి నిజంగా కోరుకునేది దానికంటే చంక దగ్గర కాస్త వదులని మాట్లాడితే తప్ప తెలియదు. ఆ పది నిమిషాల మాట వల్లే ఆవిడ షాపుకు జనం వస్తున్నారు. దాన్ని గంట లెక్కలో తూచి చవక మనిషికి ఇచ్చిన షాపులో రెండు సీజన్ల తర్వాత పంచుకోవడానికి పనే ఉండదు.

ఇంత లెక్కా వేశాక తప్పకుండా చూడాల్సిన అంకె ఇంకొకటుంది. నెలకు 40 జాకెట్లు వెనక్కి పంపుతున్నారంటే మనుషులు చాలకపోవడమే కాదు, రేటు తక్కువగా ఉందని కూడా అర్థం. మూడో మనిషిని వెతికి, హుక్కుల అమ్మాయికి నేర్పి, ఆరు గంటలు సరిచూసి తెచ్చుకున్న మిగులు 7,500. ఇప్పుడున్న 150 జాకెట్ల మీద యాభై రూపాయలు పెంచినా సరిగ్గా 7,500 వస్తుంది, ఒక్క గంట కూడా అదనంగా పడదు. గిరాకీ పోతుందన్న భయం ఉంటుంది. పోతే ఎంత? 600 దగ్గర 150 జాకెట్ల మీద మిగులు 49,500. 650 దగ్గర ఇరవై జాకెట్లు పోయి 130 మిగిలినా మిగులు 49,400. వంద రూపాయలు తేడా, దానికి బదులు ఆవిడకు కటింగ్, హుక్కులు కలిపి ఇరవై గంటలు తిరిగొస్తాయి. వెనక్కి పంపిన నలభై మందిలో కొందరు ఆ ఇరవై చోట్లలోకి వస్తే అది పూర్తిగా లాభం. కాబట్టి సీజన్‌లో ఆర్డర్లు తిరగ్గొడుతున్న యజమాని ఎవరైనా సరే, మనిషిని వెతికే ముందు షాపు గోడ మీది రేట్ల బోర్డు మార్చాలి.